స్పీడ్ టెస్ట్ బాగానే వస్తోంది, సాయంత్రం ఆటలో మాత్రం ల్యాగ్: రౌటర్‌లో ఏం మార్చాలి?

రాత్రి_ఆటగాడు
అందరికీ నమస్తే. నాది పీఎస్5, రౌటర్ హాల్లో ఉంది, కన్సోల్ రెండు గదుల అవతల ఉంది, వైఫై మీదే ఆడతా. కనెక్షన్ డౌన్‌లోడ్ 100, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. పగలంతా ఆట వెన్నలా నడుస్తుంది, సాయంత్రం ఏడు దాటాక మాత్రం పరిగెడుతున్న వాడు కాస్తా రెండడుగులు వెనక్కి లాగినట్టు అవుతాడు, నేను కాల్చిన అర సెకను తర్వాత గానీ దెబ్బ తగలదు. ఆ టైమ్‌లోనే స్పీడ్ టెస్ట్ పెడితే 90 పైనే చూపిస్తుంది, అందుకే కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే లైన్ బాగుందండీ అంటున్నారు.

నేను చేసినవి: రౌటర్‌లో గేమింగ్ మోడ్ అని ఉంటే ఆన్ చేశా, పరికరాల లిస్ట్‌లో పీఎస్5ని `Highest`లో పెట్టా. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూస్తే 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్ళ మీద చుట్టుపక్కల వాళ్ళ పేర్లన్నీ కుప్పలా ఉన్నాయి, 3 ఖాళీగా కనిపించింది, అందుకని 3కి మార్చా. కన్సోల్ ప్రస్తుతం 2.4 మీదే ఉంది, గోడలు దాటి రావాలి కదా అని. 5కి మారాలా, ఇక్కడే ఉండాలా? గేమింగ్ మోడ్ ఆన్‌లో ఉన్నా తేడా ఎందుకు లేదు?

స్పీడ్_శివ
బ్రో సింపుల్, 5 గిగాహెర్ట్జ్‌కి మారిపో, 2.4 అనేది గేమింగ్‌కి పనికిరాదు. ఛానెల్ ఖాళీగా ఉన్నది పెట్టావు, అది కరెక్టే. ప్రయారిటీ కూడా పెట్టేశావు. ఇంకా ల్యాగ్ వస్తోందంటే సర్వర్ దూరంగా ఉన్నట్టు, ఆటలో రీజియన్ చూసుకో.

వసంత_నెట్
రీజియన్ అయితే పగలు కూడా అలాగే ఉండాలి కదా శివ గారూ, ఈయనకి సాయంత్రమే వస్తోంది.

ఆటగాడు గారూ, ఇప్పుడే ఏ సెట్టింగూ మార్చకండి. ముందు ఆలస్యం ఏ ముక్కలో పుడుతోందో తేల్చాలి, ఎందుకంటే దారి రెండు ముక్కలు. కన్సోల్ నుంచి రౌటర్ దాకా ఒకటి, అది గాలిలో. రౌటర్ నుంచి బయటికి ఇంకోటి, అది లైన్‌లో. బ్యాండు, ఛానెలు మొదటి ముక్కకి మందు, క్యూఓఎస్, అంటే మీరు గేమింగ్ మోడ్‌లో పెట్టిన ఆ ప్రయారిటీ, రెండో ముక్కకి మందు. మొదటి ముక్కలో జబ్బు ఉంటే క్యూఓఎస్ ఎంత తిప్పినా రాదు, రెండో ముక్కలో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారినా రాదు. చాలామంది రెండూ కలిపి మార్చేసి ఏది పనిచేసిందో తెలీక తిరుగుతుంటారు.

ల్యాప్‌టాప్ ఉంటే కన్సోల్ పక్కనే పెట్టి, అదే వైఫై పేరుకి కలిపి, రెండు విండోలు తెరిచి ఇవి నడపండి:

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది మీ రౌటర్ అడ్రస్, మీది వేరే అయితే అది వేయండి. రెండోది బయటిది. ల్యాగ్ వచ్చే టైమ్‌లో అయిదు నిమిషాలు వదిలేసి రెండూ పక్కపక్కన చూడండి. తర్వాత ఇంట్లో ఎవరిదైనా ఫోన్‌లోంచి పెద్ద వీడియో ఒకటి క్లౌడ్‌కి ఎక్కించమని, అప్పుడు ఇంకోసారి చూడండి. ఇదే పనిని 2.4 మీద ఒకసారి, 5 మీద ఒకసారి చేయండి. నాలుగు ఫలితాలు ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పాత_పీఎస్_ప్రేమి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇదే గోల అనిపించి రాస్తున్నా. అందరూ 5కి మారు 5కి మారు అంటారు, నా పీఎస్4లో అసలు ఆ 5 పేరే లిస్ట్‌లో రాదు. ఫోన్‌కి వస్తుంది, టీవీకి వస్తుంది, కన్సోల్‌కి మాత్రం రాదు. రౌటర్ రీసెట్ చేశా, పేరు మార్చా, పాస్‌వర్డ్ తీసేసి కూడా చూశా. రౌటర్ పాడయిందంటారా?

టవర్_తేజ
ప్రేమి గారూ, వైఫై బిగించే పనే నాది, ఇది తరచూ చూస్తుంటా. దీనికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, మొదట్లో వచ్చిన లావు పీఎస్4కి 5 గిగాహెర్ట్జ్ రేడియోనే లేదు, 2.4 ఒక్కటే. తర్వాత వచ్చిన స్లిమ్‌కి, ప్రోకి ఉంది. కన్సోల్ వెనక మోడల్ నంబర్ చూడండి, `CUH-10`, `CUH-11`, `CUH-12`తో మొదలైతే పాతది, ఏం చేసినా కనిపించదు, రౌటర్ తప్పేం లేదు. `CUH-2` లేదా `CUH-7` అయితే రేడియో ఉన్నట్టే, అప్పుడు రెండో కారణం చూడాలి: రౌటర్ 5లో ఏ ఛానెల్ మీద కూర్చుంది? కొన్ని పరికరాలు మధ్యలో ఉండే ఛానెళ్ళని, అంటే 52 నుంచి 144 దాకా ఉన్నవాటిని, పట్టుకోవు. రౌటర్ ఆటోలో ఉండి 100 మీదికి పోయిందంటే ఫోన్‌కి కనిపిస్తుంది, ఆ పరికరానికి కనపడదు. 36కి మార్చి చూస్తే తేలిపోతుంది.

పాత_పీఎస్_ప్రేమి
మోడల్ `CUH-1206A` అని ఉంది 😔 అయితే ఇంక అంతేనా.

టవర్_తేజ
వైఫైలో 5 మాట అంతే. కానీ కేబుల్ లాగగలిగితే దానికి వెనక ల్యాన్ పోర్ట్ ఉంది కదా, 5 కన్నా అదే మేలు. కేబుల్ కుదరకపోతే 2.4నే శుభ్రంగా పెట్టుకోవాలి: ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి, 40 వద్దు, ఛానెల్ 1, 6, 11లో ఒకటి. ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ 5కి పంపేయండి, అప్పుడు 2.4లో మీ ఇంటి రద్దీ అయినా తగ్గుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, కంట్రోలర్ బ్లూటూత్ కూడా 2.4లోనే నడుస్తుంది, బ్లూటూత్ హెడ్‌సెట్లూ అంతే. మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతున్నంతసేపు కూడా ఆ బ్యాండ్ గందరగోళంగా ఉంటుంది. అన్నీ ఒకే చోట తోసుకుంటాయి.

లహరి_ఎక్స్
నాకూ ఈ సమస్యే ఉంది, నా ఎక్స్‌బాక్స్‌లో నాట్ టైప్ `Strict` అని వస్తోంది, ఫ్రెండ్ లాబీలోకి వెళ్ళలేకపోతున్నా, వాయిస్ కూడా ఒకరికి వినపడి ఒకరికి వినపడదు. క్యూఓఎస్‌లో ఎక్స్‌బాక్స్‌ని పైన పెడితే `Open` అవుతుందా? ఎవరో డీఎంజెడ్‌లో పెట్టమన్నారు.

వసంత_నెట్
లహరి గారూ, మీది వేరే సమస్య. నాట్ టైప్ అనేది బయటి నుంచి మీ కన్సోల్‌ని చేరగలరా లేదా అనే సంగతి, ఆట లేటుగా రావడానికీ దానికీ చుట్టరికం లేదు. క్యూఓఎస్‌తో అది మారదు. రౌటర్‌లో `UPnP` ఆన్ చేసి, రౌటర్నీ కన్సోల్‌నీ రెండిటినీ పూర్తిగా ఆపి మళ్ళీ వేయండి, కన్సోల్‌ని ఊరికే నిద్రలో పెడితే సరిపోదు. డీఎంజెడ్ వద్దు, అది ఆ పరికరం మీదికి అన్ని తలుపులూ తెరిచేస్తుంది. అయినా `Strict` అనే వస్తే రౌటర్ స్టేటస్ పేజీలో బయటి ఐపీ చూడండి. అది 192.168తోనో 10తోనో, లేదంటే 100.64 నుంచి 100.127 మధ్యో ఉంటే మీ రౌటర్‌కి పైన ఇంకో నాట్ ఉన్నట్టు, అప్పుడు మీ రౌటర్‌లో ఏం చేసినా చాలదు. దీనికి వేరే టాపిక్ పెట్టండి, అక్కడ వివరంగా చూద్దాం, ఇక్కడ ఆటగాడు గారి లెక్క పాడవుతుంది.

రాత్రి_ఆటగాడు
చేశానండీ. నిన్న రాత్రి ఎనిమిదింటికి, ల్యాప్‌టాప్ కన్సోల్ పక్కనే టేబుల్ మీద.

2.4లో, ఛానెల్ 3 మీద: రౌటర్‌కి పింగ్ మామూలుగా 4, 5 ఉంటుంది, కానీ ఉన్నట్టుండి 60, 110, ఒక్కోసారి 180 కూడా కొడుతోంది, మధ్యలో ఒకటి రెండు `Request timed out` కూడా వచ్చాయి. ఇంట్లో ఎవరూ ఏం వాడకపోయినా ఇలాగే.

5లో: రౌటర్‌కి 2 నుంచి 6 మధ్యే, కదల్లేదు. బయటికి 22, 23.

5లోనే, చెల్లి ఫోన్‌లోంచి వీడియో ఎక్కిస్తున్నప్పుడు: రౌటర్‌కి మళ్ళీ 3, 5, మామూలే. బయటికి మాత్రం 22 నుంచి 240, 260 అయిపోయింది, అప్‌లోడ్ అయిపోగానే మళ్ళీ 22. 2.4 మీద అప్‌లోడ్ పెట్టి చూస్తే రెండూ ఎగిరాయి, ఏది దేనివల్లో అర్థం కాలేదు.

ఇంకోటి గమనించా, సాయంత్రం చెల్లి ఇంటికి రాగానే ఫోన్ చార్జింగ్‌కి పెడుతుంది, ఫోటోల బ్యాకప్ అప్పుడే మొదలవుతుంది. మరి డౌన్‌లోడ్ 90 వస్తుంటే ఇది ఆటకి ఎందుకు అడ్డం?

వసంత_నెట్
చాలా శుభ్రంగా కొలిచారు. మీకు రెండు జబ్బులూ ఉన్నాయి, వేరువేరుగా.

2.4 మీద రౌటర్‌కే 180 కొడుతోందంటే అది గాలి సమస్య. 5 మీద అది పోయింది, కాబట్టి కన్సోల్‌ని 5కి మార్చేయండి. గోడల సంగతి మీరు భయపడ్డంత లేదని మీ కొలతే చెప్తోంది. రౌటర్ రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంటే వాటిని విడదీసి 5కి వేరే పేరు పెట్టండి, లేకపోతే కన్సోల్ తనకి నచ్చినప్పుడు మళ్ళీ 2.4కి దిగిపోతుంది, మీకు తెలీను కూడా తెలీదు.

ఇక రెండోది. 5 మీద రౌటర్ దాకా 3, అక్కడి నుంచి బయటికి 260. అంటే వైఫై ఏ మాత్రం కారణం కాదు, మీ అప్‌లోడ్ లైన్ ముందు క్యూ కడుతోంది. ఆటకి పెద్ద స్పీడేమీ అక్కర్లేదు, ఆడుతున్నప్పుడు అటూ ఇటూ పోయేది సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా ఉండదు. కానీ మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ వెళ్ళే ఆ చిన్న ప్యాకెట్ అప్‌లోడ్ దారిలోంచే పోవాలి. ఫోన్ మీ 10 ఎంబీపీఎస్ మొత్తాన్ని నింపేస్తుంది, నింపేశాక ఇంకా పంపుతూనే ఉంటుంది, మిగిలింది మోడెమ్‌లోని మెమరీలో పేరుకుంటుంది. ఆ మెమరీ 256 కిలోబైట్లు అనుకోండి, బిట్లలో అది దాదాపు 21 లక్షలు, సెకనుకి కోటి బిట్లు పోయే లైన్‌లో అది ఖాళీ కావడానికి ఐదో వంతు సెకను పైనే పడుతుంది, అంటే 210 మిల్లీసెకన్లు. మీ ఆట ప్యాకెట్ ఆ గుంపు వెనక నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. 22కి 210 కలపండి, మీకు కనిపించిన అంకెకి దగ్గరగానే వస్తుంది. మీ మోడెమ్‌లో మెమరీ కచ్చితంగా అంతే అని కాదు, తీరు మాత్రం ఇదే. స్పీడ్ టెస్ట్ దీన్ని పట్టుకోదు, అది ఎంత పోతోందో చెప్తుంది గానీ ఎంతసేపు ఆగిందో చెప్పదు. కొన్ని టెస్టులు ఇప్పుడు లోడ్ మీద పింగ్ కూడా వేరుగా చూపిస్తున్నాయి, అలాంటిది వాడితే ఇది కనిపిస్తుంది.

స్పీడ్_శివ
మరి గేమింగ్ మోడ్‌లో పీఎస్5 `Highest`లోనే ఉంది కదా, క్యూలో ముందుకి రావాలిగా? ప్రయారిటీ అంటేనే అది.

వసంత_నెట్
మీరన్నది సగం నిజం శివ గారూ, ప్రయారిటీ అంటే అదే. కానీ రౌటర్ సర్దగలిగేది తన దగ్గర కట్టిన క్యూని మాత్రమే. ఇక్కడ రౌటర్‌కీ మోడెమ్‌కీ మధ్య కేబుల్ గిగాబిట్, రౌటర్ దగ్గరికి వచ్చిన ప్యాకెట్ వచ్చినట్టే మోడెమ్‌కి వెళ్ళిపోతుంది, రౌటర్‌లో క్యూ అనేదే లేదు, ఇక ఎవర్ని ముందుకి తెస్తుంది? క్యూ అంతా గరాటు మూతి దగ్గర, అంటే మోడెమ్‌లో ఉంది, దానికి పీఎస్5 ఎవరో చెల్లి ఫోన్ ఎవరో తెలీదు, వచ్చిన వరసలో పంపడమే.

అందుకే రౌటర్‌కి మీ లైన్ స్పీడ్ ఎంతో చెప్పాలి, అసలు దానికన్నా కాస్త తక్కువ చెప్పాలి. అప్పుడు రౌటరే ముందుగా ఆపుతుంది, క్యూ మోడెమ్ నుంచి రౌటర్‌లోకి వస్తుంది, అప్పుడు ప్రయారిటీకి అర్థం ఉంటుంది. ఆటగాడు గారూ, మీ క్యూఓఎస్ పేజీలో `Upload Bandwidth`, `Download Bandwidth` అని రెండు గడులు ఉంటాయి చూడండి. వాటిలో ఏముంది?

రాత్రి_ఆటగాడు
ఉన్నాయండీ, రెండిట్లోనూ 1000 అని ఉంది, నేను ముట్టుకోలేదు. పక్కన `Mbps` అని ఉంది.

వసంత_నెట్
దొరికింది. మీ రౌటర్ తన దగ్గర వెయ్యి ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉందనుకుంటోంది, అందుకే గేమింగ్ మోడ్ ఆన్‌లో ఉన్నా ఏమీ చేయట్లేదు.

ఇలా చేయండి. ఇంట్లో అందరూ నెట్ ఆపేసినప్పుడు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, క్యూఓఎస్ ఆఫ్ చేసి, అప్‌లోడ్ మూడు నాలుగు సార్లు కొలవండి, వచ్చినవాటిలో తక్కువది తీసుకోండి. పగలు ఒకసారి, రాత్రి రద్దీ టైమ్‌లో ఒకసారి అయితే ఇంకా నయం. దానిలో 90 శాతం అప్‌లోడ్ గడిలో వేయండి. డౌన్‌లోడ్‌కి కూడా అలాగే, 85 నుంచి 90 శాతం. గడి పక్కన యూనిట్ చూడటం మర్చిపోవద్దు, కొన్ని రౌటర్లలో `Kbps` ఉంటుంది, అక్కడ 9 అని వేస్తే ఇల్లంతా నెట్ ఆగిపోతుంది, 9000 వేయాలి. తర్వాత మళ్ళీ అదే పరీక్ష, వీడియో ఎక్కిస్తూ 8.8.8.8కి పింగ్. ఇంకా 100 పైనే ఉంటే అప్‌లోడ్ అంకెని ఇంకో అర ఎంబీపీఎస్ తగ్గించండి, పింగ్ కుదురుకున్న చోట ఆపండి.

రౌటర్‌లో `SQM` అనో, `fq_codel` అనో, `CAKE` అనో ఉంటే ప్రయారిటీ లిస్ట్ జోలికే పోకండి, అదే వాడండి. అవి ఒక్కో కనెక్షన్‌కి వేరే క్యూ పెట్టి వంతులవారీగా పంపుతాయి, కొంచెం కొంచెంగా పంపే ఆట ప్యాకెట్ ఎవరూ పేరు పెట్టి చెప్పకుండానే ముందుకొచ్చేస్తుంది. వాటికి కూడా లైన్ స్పీడ్ చెప్పాల్సిందే.

టవర్_తేజ
ఛానెల్ సంగతి ఎవరూ అందుకోలేదు, నేను చెప్తా, ఎందుకంటే 3 ఖాళీగా ఉందని పెట్టడం కరెక్టేనని పైన శివ అన్నాడు, నేను వెళ్ళిన ప్రతి రెండో ఇంట్లో ఇదే చూస్తున్నా.

2.4లో ఛానెల్ నంబర్లు అయిదేసి మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, కానీ వైఫై కనీసం 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది. అంటే 3 మీద కూర్చున్నవాడు అటు 1 మీద వాళ్ళనీ ఇటు 6 మీద వాళ్ళనీ ఇద్దర్నీ తొక్కుతాడు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది కాబట్టి ఒకడు పంపుతుంటే ఇంకోడు ఆగుతాడు, స్పీడ్ పంచుకుంటారు గానీ చెడగొట్టుకోరు. సగం సగం కలిసే ఛానెళ్ళలో పక్కవాడి మాట ఊరికే రొదలాగా వినపడుతుంది, చాలాసార్లు ఆగకుండా పంపేస్తాడు, ప్యాకెట్ చెడిపోతుంది, మళ్ళీ పంపాలి, మళ్ళీ చెడిపోతుంది. ఆటగాడికి 4 నుంచి ఒక్కసారి 180 కొట్టింది ఇలాంటిదే అయ్యుంటుంది. అందుకే 1, 6, 11 మీద పది పేర్లు కనిపించినా ఆ మూడింట్లోనే ఒకటి తీసుకోవాలి.

ఏది తీసుకోవాలంటే పేర్లు లెక్కపెట్టొద్దు, బలం చూడండి. యాప్‌లో మైనస్ అంకెలు ఉంటాయి, -50 అంటే పక్కనే ఉన్నట్టు, -85 అంటే ఎక్కడో గుసగుస. -85లో ఆరుగురు ఉన్న ఛానెల్ కన్నా -55లో ఒక్కడున్న ఛానెల్ ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు. వాడు సాయంత్రమంతా వీడియోలు చూసేవాడైతే మరీను. అది యాప్ చెప్పదు, పెట్టి ఒక సాయంత్రం పింగ్ చూసుకోవాల్సిందే. చూసేటప్పుడు కన్సోల్ ఉన్న చోట నిలబడి చూడండి, రౌటర్ పక్కన నిలబడి కాదు.

స్పీడ్_శివ
ఓకే 3 సంగతి ఒప్పుకుంటా. కానీ 5లో అయితే ఆటో పెట్టేసి 80 వెడల్పు పెడితే చాలు కదా, అక్కడ బోలెడు చోటుంది.

టవర్_తేజ
చోటు ఉంది, కానీ ఆ చోట్లో పెద్ద భాగానికి షరతు ఉంది. 52 నుంచి 144 దాకా చాలా దేశాల్లో రాడార్లతో పంచుకునే ఛానెళ్ళు. వాతావరణ రాడార్లు 120, 124, 128 చుట్టూ ఉంటాయి. రౌటర్ ఆ ఛానెల్‌లో మొదలవ్వాలంటే ముందు కనీసం ఒక నిమిషం మౌనంగా విని రాడార్ లేదని తేల్చుకోవాలి. తర్వాత కూడా నడుస్తుండగా రాడార్‌లాంటిది ఏది వినపడినా, నిజమైనదైనా కాకపోయినా, వెంటనే ఖాళీ చేసి పోవాలి. డౌన్‌లోడ్‌కి అది తెలీదు, కాస్త ఆగి మళ్ళీ నడుస్తుంది. మ్యాచ్‌లో ఉన్నవాడు మాత్రం బయటికి పడతాడు.

నేనైతే కన్సోల్ ఉన్న ఇంట్లో ఆటో తీసేసి 36, 40, 44, 48లో ఒకటి పెడతా, లేదా రౌటర్ లిస్ట్‌లో 149 ఉంటే అది పెడతా. చాలా చోట్ల 149 వైపు ఎక్కువ పవర్‌తో పంపొచ్చు, గోడలు ఎక్కువున్న ఇంట్లో అది కాస్త ఉపయోగం. వెడల్పు 80 పెడితే 36 నుంచి 48 దాకా నాలుగూ ఒక్కరికే పోతాయి, పక్కింట్లోనూ 80 పెట్టుకుంటే ఇద్దరూ ఒకే చోట కూర్చున్నట్టే. 100 ఎంబీపీఎస్ లైన్‌కి 40 వెడల్పు చాలా ఎక్కువే, దానివల్ల దూరంలో సిగ్నల్ కూడా కొంచెం స్థిరంగా ఉంటుంది.

రాత్రి_ఆటగాడు
రిపోర్ట్ ఇస్తున్నా. కన్సోల్ 5కి మార్చా, పేరు విడదీశా, ఛానెల్ 36, వెడల్పు 40. అప్‌లోడ్ తక్కువలో తక్కువ 9.6 వచ్చింది, 8.6 వేశా. డౌన్‌లోడ్ 94 వచ్చింది, 84 వేశా. వీడియో ఎక్కిస్తూ పింగ్ పెడితే 28 నుంచి 35!! 260 ఎక్కడ, 35 ఎక్కడ. చెల్లి వీడియో వెళ్ళడం కూడా పెద్దగా లేటవ్వలేదు. పీఎస్5కి ఐపీ కూడా ఫిక్స్ చేశా, లేకపోతే ఐపీ మారినప్పుడు ప్రయారిటీ వేరే పరికరానికి పోతుందేమో అని.

కానీ ఒక తేడా వచ్చింది. డౌన్‌లోడ్ 84 రావాలి కదా, 58, 60 దగ్గర ఆగిపోతోంది. కేబుల్ పెట్టి చూసినా అంతే.

వసంత_నెట్
ఐపీ ఫిక్స్ చేయడం మంచి పని. డౌన్‌లోడ్ తగ్గడం రౌటర్ ప్రాసెసర్ వల్ల. క్యూఓఎస్ లేనప్పుడు ప్యాకెట్లు హార్డ్‌వేర్‌లోంచి ప్రాసెసర్‌ని ముట్టుకోకుండా వెళ్ళిపోతాయి, క్యూఓఎస్ ఆన్ చేయగానే చాలా రౌటర్లలో ఆ దగ్గరి దారి మూసుకుపోయి ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ చేతిలోంచి పోవాలి. పాత రౌటర్ అయితే 60కే అలసిపోతుంది. స్టేటస్ పేజీలో డౌన్‌లోడ్ జరుగుతుండగా `CPU` 100 శాతం దగ్గర ఉంటే ఇదే కారణం.

డౌన్‌లోడ్ నియంత్రణ తీసేసి అప్‌లోడ్ ఒక్కటే ఉంచడానికి మీ రౌటర్ ఒప్పుకుంటుందేమో చూడండి. మీ గొడవంతా అప్‌లోడ్‌లోనే ఉంది. డౌన్‌లోడ్ క్యూ ఎలాగూ కంపెనీ వైపు పరికరంలో కడుతుంది, అది మన చేతిలో లేదు. మన రౌటర్ చేయగలిగింది కొన్ని ప్యాకెట్లు పారేసి పంపేవాడిని నెమ్మదించమని చెప్పడమే, అది అప్‌లోడ్ అంత కచ్చితంగా ఉండదు.

స్పీడ్_శివ
నా అభిప్రాయం వేరే. డౌన్‌లోడ్‌కి కూడా లిమిట్ ఉంచాలి. ఇంట్లో ఇంకో కన్సోల్ గేమ్ అప్‌డేట్ దించుతుంటే నాకు పింగ్ 90 దాకా పోతుంది, లిమిట్ పెడితే 40లో ఉంటుంది. 60 వచ్చినా పర్లేదు, ఆట బాగుంటే చాలు.

వసంత_నెట్
మీ ఇంట్లో అది కరెక్ట్ కావచ్చు, ఆటగాడు గారింట్లో ఒక్కటే కన్సోల్. ఎవరు ఎప్పుడు దించుతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేనైతే రోజంతా 30 పైగా వదులుకోను, అప్‌డేట్లని ఆడని టైమ్‌కి పెట్టుకుంటా.

మొబైల్_మాధవ్
మాకు కేబుల్ లైన్ లేదు, సిమ్ వేసే 4జీ రౌటర్. పొద్దున డౌన్‌లోడ్ 40, రాత్రి 12, అప్‌లోడ్ 2 నుంచి 15 దాకా ఎటంటే అటు. ఈ 90 శాతం దేనిలో వేసుకోవాలి?

వసంత_నెట్
మాధవ్ గారూ, మీకు సులువైన జవాబు లేదు. 15ని బట్టి 13 వేస్తే అప్‌లోడ్ 2 ఉన్న రాత్రి ఆ లిమిట్ ఉన్నా లేనట్టే, క్యూ మళ్ళీ మోడెమ్‌లోకి పోతుంది. 2ని బట్టి వేస్తే పొద్దున అంతా వృధా. మీరు ఆడేది రాత్రే అయితే రాత్రి టైమ్‌లో వచ్చే తక్కువ అంకె వేసుకుని మిగతా టైమ్‌లో నష్టం ఒప్పుకోవడం ఒక దారి. పింగ్‌ని చూస్తూ లిమిట్‌ని దానంతటదే మార్చే స్క్రిప్ట్ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీకి ఉంది, `cake-autorate` అంటారు, కానీ దానికి రౌటర్ సాఫ్ట్‌వేర్ మార్చాలి, అందరి చేతా అయ్యేది కాదు. దానికి ముందు ఫోటో బ్యాకప్‌లు రాత్రి పడుకున్నాక జరిగేలా ఫోన్లలో పెట్టండి, ఖర్చు లేని మందు అది.

రాత్రి_ఆటగాడు
డౌన్‌లోడ్ గడిని మళ్ళీ 1000 చేశా, అప్‌లోడ్ 8.6 ఉంచా. ఇప్పుడు డౌన్‌లోడ్ 88 నుంచి 92, అప్‌లోడ్ నడుస్తున్నా పింగ్ 35 దాటట్లేదు. సాయంత్రం ఆట పగటిలాగే ఉంది.

ఒక్కటి మిగిలింది. నిన్న ఒకసారి మ్యాచ్ మధ్యలో 5 పేరు మొత్తం మాయమైంది, కన్సోల్‌తో పాటు టీవీ, ఫోన్లు కూడా పడిపోయాయి, నిమిషం తర్వాత వచ్చింది. నేను 36 పెట్టా కదా, రాడార్ ఎలా వస్తుంది?

టవర్_తేజ
వెడల్పు ఇంకోసారి చూడండి. కొన్ని రౌటర్లు అప్‌డేట్ అయ్యాక వెడల్పుని వాటంతటవే 160కి మార్చేస్తాయి, అప్పుడు పేరుకి 36 అని ఉన్నా 36 నుంచి 64 దాకా వాడుతుంది, అందులో 52 పైన ఉన్నది రాడార్ భాగమే. 40 అనే ఉంటే రాడార్ కాదు, రౌటర్ రీస్టార్ట్ అయ్యుండొచ్చు. అప్పుడు 2.4 కూడా పోయిందా? పోయుంటే కరెంటు అడాప్టర్ నుంచి మొదలుపెట్టాలి. లాగ్ పేజీలో ఆ టైమ్ దగ్గర `radar` అనో `DFS` అనో మాట ఉందేమో చూసి ఆ లైన్ ఇక్కడ పెట్టండి.

రాత్రి_ఆటగాడు
వెడల్పు 40 అనే ఉంది. 2.4 పోయిందో లేదో గమనించలేదు. లాగ్ రీస్టార్ట్ అయితే చెరిగిపోతుందనుకుంటా, నిన్నటి లైన్లు ఏవీ లేవు, ఈ పొద్దున్నుంచే ఉన్నాయి.

టవర్_తేజ
రీస్టార్ట్ అయితే లాగ్ చెరిగిపోయే రౌటర్లు చాలా ఉన్నాయి, అది ఒక గుర్తే. స్టేటస్ పేజీలో `Uptime` చూడండి, నిన్న మ్యాచ్ టైమ్ తర్వాత నుంచే లెక్క ఉంటే రౌటర్ ఆగి మళ్ళీ లేచినట్టు. మళ్ళీ జరిగితే ముందు ఫోన్‌లో 2.4 పేరు ఉందో లేదో చూసి, రౌటర్ లైట్లు ఎలా ఉన్నాయో చూసి రాయండి.